చెంచా వెనుక ఐదు ముద్రలు: పాత లండన్ వెండి హాల్‌మార్కులను చదివే పద్ధతి

నా ముందు బల్ల మీద జానెడు పొడవున్న వెండి చెంచా ఒకటి ఉంది. వెనక్కి తిప్పితే, కాడ చివర వెడల్పుగా ఉన్న చోట, రెండు వేళ్ల వెడల్పులో ఐదు చిన్న ముద్రలు కనిపిస్తాయి. ఒకటి నడుస్తున్న సింహం. రెండోది కిరీటం పెట్టుకుని ఎదురుగా చూస్తున్న మృగం ముఖం. మూడోది చిన్నబడి ఇంగ్లిష్ అక్షరం ఒకటి. నాలుగోది కోడిగుడ్డు ఆకారపు గడిలో ఒక పురుషుడి తల. ఐదోది వాలుగా, చేతిరాతలా చెక్కిన ‘హెచ్ బి’. ఇలాంటి వస్తువు చేతికొచ్చినవారు సాధారణంగా ముందుగా అక్షరాన్ని చూసి, సంవత్సరాల పట్టిక తెరిచి, దానికి ఎదురుగా ఉన్న అంకెను నమ్మేస్తారు. నేనూ మొదట అదే చేసి, ఈ చెంచా 1795 నాటిదని కాగితం మీద రాసుకున్నాను. అది తప్పని తేలడానికి అరగంట పట్టింది. ఆ తప్పును పట్టించినవి అక్షరం పక్కనున్న మిగతా నాలుగు ముద్రలే.

అసలు ఈ అక్షరం దేనికి పుట్టిందో తెలిస్తే, దానిని ఒంటరిగా ఎందుకు నమ్మకూడదో కూడా తెలుస్తుంది. వెండి వస్తువులను పరీక్షించి ముద్ర వేయాలన్న చట్టం ఇంగ్లండులో 1300లో, మొదటి ఎడ్వర్డ్ కాలంలో వచ్చింది. లండన్‌లో ఈ పని స్వర్ణకారుల సంఘం చేతిలో ఉండేది. సంఘానికి ఉన్న హాలుకు వస్తువును తీసుకెళ్లి వేయించే మార్కు కాబట్టే దానికి హాల్‌మార్క్ అన్న పేరు వచ్చింది. ముద్ర పడిన వెండిలో కూడా కల్తీ బయటపడితే, దానికి బాధ్యుడు ఆ ఏడాది పరీక్ష చేసినవాడా, అంతకు ముందువాడా అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబుగా 1478 నుంచి ఏటా ఒక కొత్త అక్షరం వేయడం మొదలుపెట్టారు. అంటే అది పరీక్షించినవాడి జవాబుదారీ గుర్తు. మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో చెంచా వయసు తేల్చుకుంటారన్న ఊహతో పెట్టింది కాదు. అందుకే అక్షరం మారే రోజు జనవరి 1 కాదు. మొదట్లో స్వర్ణకారులు కొలిచే సెయింట్ డన్‌స్టన్ పండుగ రోజైన మే 19న, 1660 తర్వాత మే 29న లండన్ అక్షరం మారేది. ఒక్కో అక్షరం రెండు క్యాలెండర్ సంవత్సరాల మీద పరుచుకుని ఉంటుంది. 1788 అక్షరం ఉన్న వస్తువు 1789 వసంతంలో కూడా ముద్ర వేయించుకుని ఉండవచ్చు. 1975లో ముద్రలు వేసే అన్ని హాల్‌మార్కు కార్యాలయాలూ జనవరి 1కి మారాయి గాని, పాత వెండికి దానితో పని లేదు.

లండన్ చక్రంలో ఇరవై అక్షరాలే ఉంటాయి. ‘ఏ’తో మొదలై ‘యు’తో ముగుస్తుంది, మధ్యలో ‘జె’ ఉండదు. ఇరవై ఏళ్లు పూర్తి కాగానే మళ్లీ ‘ఏ’ నుంచి మొదలుపెట్టి, లిపినో, అక్షరం చుట్టూ ఉన్న గడి ఆకారాన్నో మారుస్తారు. ఒకసారి పెద్దబడి, ఒకసారి చిన్నబడి, ఒకసారి కోణాలతో నల్లగా ఒత్తుగా కనిపించే గోథిక్ లిపి. అయితే లిపి రకాలకు ఒక హద్దు ఉంది కనుక చిన్నబడి రోమన్ అక్షరాల చక్రం 1736లోను, 1776లోను, 1816లోను, 1896లోను తిరిగి వచ్చింది. కొత్తగా ఉన్నప్పుడు ఈ చక్రాల మధ్య గడి ఆకారం తేడా చూపిస్తుంది. రెండు వందల ఏళ్లు తోమిన చెంచా మీద మొదట అరిగిపోయేది ఆ గడి అంచే.

కాబట్టి అక్షరాన్ని చివరికి వదిలి, సింహంతో మొదలుపెట్టడం మేలు. పక్కకు నడుస్తున్న సింహం వెండి మేలిమికి గుర్తు. అది 1544లో వాడుకలోకి వచ్చింది. వెయ్యి పాళ్లలో కనీసం 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి, అంటే స్టెర్లింగ్ అని దాని అర్థం. పాత ఇంగ్లిష్ వస్తువు మీద ‘925’ అన్న అంకె కోసం వెతకడం వృథా. ఆ అంకె అక్కడి హాల్‌మార్కులో తప్పనిసరి భాగం అయింది 1999లోనే. అంతకు ముందు, 1904 నుంచి, విదేశాల నుంచి దిగుమతి అయిన వెండి మీద మాత్రం వేసేవారు. పద్దెనిమిదో శతాబ్దపు లండన్ పాత్ర అని చెబుతూ దాని మీద ఒక్క ‘925’ మాత్రమే చూపిస్తే, అక్కడే ఆగిపోవచ్చు.

సింహం ముద్ర పడాలంటే వస్తువు ఒక పరీక్ష దాటాలి. తుది మెరుగు పెట్టకముందే వస్తువును కార్యాలయానికి పంపేవారు. అక్కడ దాని వేర్వేరు భాగాల నుంచి కొద్దిగా వెండి గీకి, తూచి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పెట్టి కొలిమిలో కాల్చేవారు. సీసం, దానితో పాటు రాగి వేడికి భస్మమై మూసలోకి ఇంకిపోతాయి. చివరికి మూసలో వెండి పూస ఒకటి మిగులుతుంది. దానిని తూస్తే ఎంత తరుగు పోయిందో, అంటే ఎంత కల్తీ ఉందో తెలుస్తుంది. వెయ్యి పాళ్లు గీకితే 925 పాళ్ల పూస మిగలాలి. మిగలకపోతే వస్తువును విరగ్గొట్టి యజమానికి తిరిగి ఇచ్చేవారు. మన గీటురాయి పరీక్ష రంగును చూసి అంచనా కడుతుంది, ఇది తూకంతో తేలుస్తుంది. అయినా దీనికీ ఒక పరిమితి ఉంది. ఆ రోజు ఆ బల్ల మీదకు వచ్చిన వస్తువు గురించి మాత్రమే సింహం సాక్ష్యం చెబుతుంది. ఆ తర్వాత అతికించిన పిడికి గాని, మార్చిన మూతకు గాని దాని పూచీ లేదు.

ఈ సింహం ఒక ఇరవై మూడేళ్ల పాటు కొత్త వెండి మీద కనిపించదు. పదిహేడో శతాబ్దం చివర ఇంగ్లండులో వెండి నాణేల అంచులు కత్తిరించి, కరిగించి పాత్రలు చేయడం విపరీతమైంది. నాణెమూ, పాత్రా ఒకే మేలిమి కావడంతో ఆ పని సులువుగా సాగేది. దానిని ఆపడానికి 1697 మార్చి నుంచి పాత్రల వెండి 958 పాళ్లకు పైగా ఉండాలని చట్టం చేశారు. సింహం స్థానంలో కూర్చున్న బ్రిటానియా స్త్రీమూర్తి, మృగం ముఖం స్థానంలో మెడ వద్ద చిరిగినట్టున్న పక్కచూపు సింహం తల వచ్చాయి. ఆ వెండి మెత్తన, త్వరగా అరుగుతుంది. 1720 జూన్‌లో పాత మేలిమిని తిరిగి అనుమతించారు. కోరుకున్నవారు బ్రిటానియా వెండిని ఆ తర్వాత కూడా వాడుకోవచ్చు. అందుకని బ్రిటానియా బొమ్మ కనిపించగానే వస్తువు 1720కి ముందుదని తేల్చేయకూడదు. కాని 1697, 1720 మధ్య అక్షరం ఉన్న లండన్ పాత్ర మీద నడిచే సింహం కనిపిస్తే మాత్రం అనుమానించి తీరాలి.

ఇక కిరీటం పెట్టిన మృగం ముఖం. దానిని చిరుతపులి తల అంటారు గాని, పాత ఫ్రెంచ్ వంశచిహ్నాల భాషలో అది ఎదురుగా చూస్తున్న సింహమే. 1300 చట్టంలో చెప్పింది ఈ తలనే. క్రమంగా అది లండన్ నగరపు గుర్తుగా స్థిరపడింది. ఊరు మారితే ఈ గుర్తు మారుతుంది. 1773లో కార్యాలయాలు తెరిచిన బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు 1974 వరకు కిరీటం గుర్తులు. ఊరు మారితే అక్షరాల పట్టిక కూడా మారుతుందన్నది మరవకూడదు. లంగరు ఉన్న వస్తువుకు లండన్ పట్టిక చూడడం చాలామంది చేసే పొరపాటు. ఇక్కడ మనకు అత్యంత పనికొచ్చే విషయం ఒకటుంది. 1821లో లండన్ చిరుతపులి కిరీటం పోయింది. అదే సమయంలో సింహం కూడా, అంతవరకు ముఖం మనవైపు తిప్పి నడిచేది కాస్తా, తన దారిన ముందుకు చూస్తూ నడవడం మొదలుపెట్టింది.

నాలుగో ముద్ర, పురుషుడి తల, పన్ను కట్టిన రసీదు లాంటిది. 1784 డిసెంబరులో వెండి మీద ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను విధించి, కట్టినట్టు గుర్తుగా రాజు తల వేయడం మొదలుపెట్టారు. తొలి రెండేళ్ల లోపు ఆ తల లోపలికి చెక్కినట్టు గుంటగా, ఎడమవైపు చూస్తూ ఉండేది. 1786 నుంచి ఉబ్బెత్తుగా, కుడివైపు చూస్తూ ఉంటుంది. మూడో జార్జి, నాలుగో జార్జి, నాలుగో విలియం ముగ్గురూ కుడివైపే చూస్తారు, విక్టోరియా ఎడమవైపు చూస్తుంది. 1890లో పన్ను ఎత్తేయడంతో తల కూడా పోయింది. వెండి కొనేవాళ్లకు ఆ పన్ను ఎంత భారమైందో గాని, వయసు తేల్చేవాళ్లకు మాత్రం ఇంతకంటే మేలు చేసిన చట్టం లేదు.

ఇప్పుడు చెంచా దగ్గరకు వద్దాం. దాని మీదున్నది చిన్నబడి ‘ఎన్’ అని అనుకుందాం. చిన్నబడి రోమన్ చక్రాల్లో ‘ఎన్’ నాలుగు చోట్ల వస్తుంది: 1748, 1788, 1828, 1908. లిపి చూసి ఈ నాలుగింటినీ విడదీయడం అరిగిన వస్తువు మీద దాదాపు అసాధ్యం. కాని రెండు ప్రశ్నలు వేస్తే చాలు. చిరుతపులికి కిరీటం ఉందా? పక్కన రాజు తల ఉందా? కిరీటం ఉండి తల లేకపోతే 1748. కిరీటమూ తలా రెండూ ఉంటే 1788. కిరీటం లేక తల ఉంటే 1828. రెండూ లేకపోతే 1908. గోథిక్ ‘ఎన్’ ఉన్న 1868 ముద్ర బాగా అరిగితే రోమన్‌లా భ్రమ కలిగించవచ్చు. కాని దాని పక్కనున్న తల విక్టోరియాది, చూపు ఎడమవైపు. నా చెంచా మీద కిరీటమూ ఉంది, కుడివైపు చూసే ఉబ్బెత్తు తలా ఉంది. కాబట్టి అది 1776లో మొదలైన చక్రానిది. ఇందులో సందేహం లేదు.

సందేహం అక్షరంలోనే ఉంది. ‘ఎన్’ను తలకిందులు చేస్తే ‘యు’ అవుతుంది. 1776 చక్రంలో ‘ఎన్’ 1788, ‘యు’ 1795. చిన్నబడి ‘డి’, ‘పి’ల మధ్యా ఇదే చిక్కు, వాటి మధ్య పదకొండేళ్ల తేడా. మిగతా ముద్రలు నిలువుగా ఉన్నాయి కదా, అక్షరం కూడా వాటితో పాటే నిలువుగా ఉంటుందని వాదించవచ్చు. కాని ఆ కాలంలో ఒక్కో ముద్రనూ విడిగా చేతితో కొట్టేవారు. ఒకటి తిరగబడి పడడం వింతేమీ కాదు. గడి అడుగు ఎటుందో తెలిస్తే అక్షరం అడుగూ తెలిసేది గాని, ఈ చెంచా మీద గడి అంచు పూర్తిగా అరిగిపోయింది. నేను మొదట ‘యు’ అని చదివింది అందుకే.

ఇక్కడ తీర్పు చెప్పింది ఐదో ముద్ర. వాలు రాతలోని ‘హెచ్ బి’ లండన్ బన్‌హిల్ రో వీధిలో వెండి పని నడిపిన హెస్టర్ బేట్‌మన్ ముద్ర. భర్త పోయాక ఆమె 1761లో తన పేరిట తొలి ముద్ర నమోదు చేసుకుంది, 1790లో పని విరమించింది, 1794లో చనిపోయింది. 1790 డిసెంబరులో ఆమె కొడుకులు పీటర్, జోనథన్ తమ ముద్ర నమోదు చేశారు. పైన ‘పి బి’, కింద ‘ఐ బి’. జోనథన్‌కు ‘ఐ’ ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ కాలపు ముద్రల్లో ‘జె’ బదులు ‘ఐ’ వాడడం మామూలే, అక్షర చక్రంలో ‘జె’ లేకపోవడమూ ఈ తీరులోనిదే. మరుసటి ఏడాది జోనథన్ పోగా, అతని భార్య ఆన్‌తో కలిపి ‘పి బి, ఏ బి’ అన్న కొత్త ముద్ర వచ్చింది. 1795 మే తర్వాత ఆ పనిశాల నుంచి వచ్చిన చెంచా మీద ఉండాల్సింది ఇదే. ‘హెచ్ బి’ ఉంది కాబట్టి అక్షరం ‘యు’ కాజాలదు, అది తిరగబడిన ‘ఎన్’. చెంచాకు ముద్ర పడింది 1788 మే 29కి, 1789 మే 28కి మధ్య.

అయితే తయారీదారు ముద్ర మీద ఎంత బరువు మోపవచ్చో కూడా చెప్పాలి. ప్రతి పనివాడికీ సొంత గుర్తు ఉండాలన్న నియమం 1363 నాటిది. మొదట్లో అవి చాలావరకు బొమ్మలు. 1697లో బ్రిటానియా మేలిమితో పాటు ఇంటిపేరు మొదటి రెండక్షరాలు వేయాలని నిర్దేశించారు. 1720 తర్వాత పొడి అక్షరాలు తిరిగి వచ్చాయి. 1739లో అందరూ కొత్త ముద్రలు నమోదు చేసుకోవాల్సి వచ్చింది. అందుకే పాల్ ద లామెరీ లాంటి ప్రసిద్ధుడి వస్తువుల మీద 1713లో నమోదైన ‘ఎల్ ఏ’ ఒకచోట, 1733 నాటి ‘పి ఎల్’ మరోచోట కనిపిస్తాయి. మనిషి ఒకడే. పొడి అక్షరాలు ఒకటే అయినా మనుషులు వేరు కావడం ఇంకా సాధారణం. కాబట్టి పోల్చాల్సింది అక్షరాలను కాదు, లిపిని, మధ్యలోని చుక్కను, చుట్టూ ఉన్న గడి ఆకారాన్ని. దానికి తోడు లండన్‌లో పెద్ద వస్తువుల పనివారి 1758 నుంచి 1773 వరకు ఉన్న నమోదు పుస్తకం పోయింది. ఆ పదిహేనేళ్ల ముద్రల్లో చాలావాటికి ఇవాళ పెట్టే పేర్లు ఇతర ఆధారాలతో చేసిన ఊహలు. ఇక ఆ ముద్ర, వస్తువును చేసిన చేతికి గుర్తు కాదు. దానిని పరీక్షకు పంపి, బాధ్యత వహించినవారికి గుర్తు. హెస్టర్ ఈ చెంచాను స్వయంగా సుత్తితో కొట్టిందనడానికి ఏ ఆధారమూ లేదు. ఆమె పనిశాలలో కొడుకులు, కోడలు, పనివాళ్లు ఉన్నారు.

ముద్రలు ఉన్న చోటు కూడా ఒక సాక్షి. సుమారు 1780 వరకు చెంచాలకు కాడ సన్నబడే చోట, గుంటకు దగ్గరగా ముద్రలు వేసేవారు. ఆ సన్నటి చోట దెబ్బలు కొడితే కాడ వంగిపోయేది, దానిని మళ్లీ సుత్తితో సరిచేసేటప్పుడు ముద్రలు సాగి వంకరపోయేవి. అందుకే 1780ల ఆరంభం నుంచి ముద్రలను వెడల్పుగా ఉండే చివరకు మార్చారు. నా చెంచా మీద అవి పైచివరే ఉన్నాయి, 1788తో సరిపోతుంది. అదే ‘ఎన్’తో 1748 చెంచా అయి ఉంటే, అవి కింద గుంట దగ్గర, కొంచెం నలిగి ఉండాలి. 1748 అక్షరం పైచివర కనిపిస్తే అక్షరాన్ని మళ్లీ చదవాలి. చదివింది సరేననిపిస్తే, చెంచానే అనుమానించాలి.

నకిలీల్లో ఎక్కువగా ఎదురయ్యేవి రెండు రకాలు. మొదటిది అచ్చు పోసినది. నిజమైన చెంచాను అచ్చుగా వాడి వెండి పోస్తే, ముద్రలు కూడా దానితో పాటే పడతాయి. ముద్ర కొట్టిన చోట అంచు పదునుగా, అడుగు నునుపుగా ఉంటుంది. పోసిన చోట అంచు కరిగినట్టు మొద్దుగా, అడుగు ఇసుక రేణువుల్లా, అక్కడక్కడ సూదిమొన గుంటలతో ఉంటుంది. పది రెట్ల భూతద్దం చాలు. ఆరు చెంచాల జత అయితే ఇంకా తేలిక. చేతితో కొట్టిన ముద్రలు ఏ రెండు చెంచాల మీదా ఒకే దూరంలో, ఒకే వంపులో ఉండవు. ఆరింటి మీదా వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా, పైగా ఒకే గీత ఒకే చోట కనిపిస్తే, ఆరూ ఒకే తల్లికి పుట్టినవే.

రెండో రకం అతుకు. 1720లో కూడా ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను వేసి, 1758 వరకు కొనసాగించారు. పన్ను బరువును బట్టి కాబట్టి, కొందరు పనివారు ఒక చిన్న వస్తువును పరీక్షకు పంపి, ముద్ర పడిన ముక్కను కోసి, పెద్ద కాఫీ పాత్ర అడుగున అతికేవారు. వాళ్ల ఉద్దేశం పన్ను ఎగ్గొట్టడమే, వెండి మంచిదే అయి ఉండవచ్చు. తర్వాతి కాలపు మోసగాళ్లు ఇదే పద్ధతిని కొత్త పాత్రకు పాత వయసు తగిలించడానికి వాడారు. ఈ అతుకును పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు. పాత్రను చల్లగా ఉంచి, ముద్రల చుట్టూ నోటితో వెచ్చటి ఊపిరి ఊదాలి. ఆవిరి తేలిపోతున్నప్పుడు టంకం గీత వేరే రంగులో సన్నగా ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. అది ముద్రల చుట్టూ గుండ్రంగానో చతురస్రంగానో ఉంటే సంగతి అర్థమైనట్టే. చెంచా మీదలా ముద్రలన్నీ ఒకే వరుసలో పాత్ర అడుగున కనిపించినా ఊపిరి ఊది చూడడం మంచిది.

వెండి పూత వస్తువుల ముద్రలు వేరే లోకం. పంతొమ్మిదో శతాబ్దం నడుమ విద్యుత్తుతో పూత పూసే పద్ధతి వ్యాపించాక, కంపెనీలు ‘ఇ పి ఎన్ ఎస్’ లాంటి అక్షరాలను విడివిడి గడుల్లో, గోథిక్ లిపిలో, దూరం నుంచి హాల్‌మార్కులా కనిపించేలా కొట్టాయి. వాటిలో సింహం ఉండదు. ఉండకూడదు కూడా. నాలుగు గడులు కనిపించగానే సంబరపడకుండా ముందు సింహం కోసం చూడడం అలవాటు చేసుకుంటే, సగం ఖర్చు తప్పుతుంది.

మూత, పిడి, పళ్లెం లాంటి విడి భాగాలున్న పాత్ర అయితే, పూర్తి హాల్‌మార్కు ఒకచోటే ఉన్నా మిగతా భాగాల మీద కనీసం సింహమో, తయారీదారు ముద్రో కోసం వెతకాలి. అడుగున ఒక అక్షరం, మూత మీద మరో అక్షరం ఉంటే అవి వేర్వేరు పాత్రల నుంచి కలిసినవి. రెండూ నిజమైన వెండే, రెండూ పాతవే, కాని ఆ పాత్ర ఆ రూపంలో ఏ కార్యాలయం బల్ల మీదకూ వెళ్లలేదు. ఈ వెతుకులాటకు ముందు ముద్రలను గట్టిగా తోమి మెరిపించాలన్న ఆశను మానుకోవాలి. నా చెంచా మీద అక్షరం చుట్టూ ఉన్న గడి చెరిగింది దొంగ పని వల్ల కాదు, తరతరాలుగా ఎవరో శ్రద్ధగా తోమడం వల్ల. పక్కనుంచి వాలుగా పడే ఒక దీపం వెలుగు, భూతద్దం ఉంటే నలుపెక్కిన ముద్రే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.